మూడు నెలల మందులు, ఒక డాక్టరు లేఖ

వరంగల్ నుంచి ఎంఎస్ చదవడానికి టెక్సాస్ వెళ్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి కాబట్టి లెవెటిరాసెటమ్ 500 మి.గ్రా. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, పడుకోబోయే ముందు క్లోబజామ్ 10 మి.గ్రా. ఒకటి. ఇవి కాక పరీక్షల రోజుల్లో ఆందోళన తగ్గడానికని ఇంకో డాక్టరు రాసిన మాత్ర ఒకటి కొన్నాళ్లుగా నడుస్తోంది. నాలుగూ మన వీధి చివరి మందుల షాపులో దొరికేవే. అమెరికా విమానాశ్రయంలో మాత్రం ఈ నాలుగూ ఒకటి కావు.

ఆందోళన మాత్ర అట్ట వెనక చిన్న అక్షరాల్లో ‘ఎటిజోలం’ అని ఉంటుంది. ప్రొప్రనలాల్‌తో కలిపిన రకమూ మన దగ్గర అమ్ముతారు. అమెరికా 2023 జులైలో ఎటిజోలంను షెడ్యూల్ 1లో చేర్చింది. వైద్యంలో వాడకానికి అక్కడ గుర్తింపు లేని మత్తుమందుల వరస అది. ఆ వరసలోని మందుకు మన డాక్టరు రాసిన చీటీ ఎంత పక్కాగా ఉన్నా చెల్లదు. అలాగని ప్రయాణం ముందురోజు మానేసి వెళ్లడమూ ప్రమాదమే. రోజూ వేసుకునే వాళ్లు ఇలాంటి మందును ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. ఈ అమ్మాయికి అసలే ఫిట్స్ ఉన్నాయి. అందుకే సీటు ఖాయం కాగానే, అంటే ఆగస్టు ప్రయాణమైతే మే నెలలోనే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మెల్లగా తగ్గించి మానిపించడానికో, అక్కడ దొరికే మందుకు మార్చడానికో ఆయనకు ఆ మాత్రం వ్యవధి కావాలి.

క్లోబజామ్ సంగతి వేరు. అది అమెరికాలో షెడ్యూల్ 4 మందు. నియంత్రణ ఉంటుంది కానీ నిషేధం లేదు. చీటీతో, కొన్నప్పటి ప్యాకింగులోనే తీసుకెళ్లి, కస్టమ్స్ అధికారికి నోరు తెరిచి చెప్పాలి. ‘మందులేమైనా ఉన్నాయా?’ అని అడిగితే భయపడి లేవనడమే అసలు చిక్కు తెచ్చేది. అబుదాబి మీదుగా వెళ్లేవారిలో చాలామందికి అమెరికా తనిఖీ అక్కడే అయిపోతుంది. కాబట్టి కాగితాలు పెద్ద సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. మందులూ అంతే. సామాను తప్పిపోతే ఫిట్స్ మందు లేకుండా ఒక్క పూట గడవడం కూడా మంచిది కాదు.

ఎన్ని తీసుకెళ్లాలి? అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క సాధారణంగా 90 రోజులు. ఈ అమ్మాయికి థైరాయిడ్ మాత్రలు 90, లెవెటిరాసెటమ్ 180, క్లోబజామ్ 90. ఏడాదికి సరిపడా సర్దుకుంటే ఖర్చు కలిసొస్తుందని చాలా ఇళ్లలో అనుకుంటారు. అలా పెట్టె నిండా కనబడితే అమ్మకానికేమోనన్న అనుమానం వస్తుంది, పట్టుకుంటే మొత్తం పోవచ్చు. మూడు నెలల మందు ఏడాది గడవడానికి కాదు, అక్కడి డాక్టరు చీటీ రాసేదాకా గడవడానికి.

మన మందుల షాపుల్లో ఒక అలవాటుంది. ఆరు మాత్రలు కావాలంటే స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఒక ముక్క మీద, మందు పేరు ఇంకో ముక్క మీద పడతాయి. పేరు లేని ముక్కలోని మాత్ర ఏమిటో ఏ దేశపు అధికారికీ తెలియదు. విదేశానికి కొనేటప్పుడు పూర్తి స్ట్రిప్పులే అడగండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ వేసిన బిల్లు తీసుకోండి. చోటు కలిసొస్తుందని అట్టపెట్టెలు పారేసి, మాత్రలన్నీ ఒక డబ్బాలో పోసుకోవద్దు.

ఇక డాక్టరు లేఖ. మన చీటీలో సాధారణంగా కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది, అదీ చేతిరాతలో. ఆ పేరు అక్కడెవరికీ తెలియదు. లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో టైపు చేయించిన లేఖ కావాలి. అందులో జబ్బు, మందులోని అసలు రసాయనం పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, మొత్తం ఎన్ని మాత్రలు, డాక్టరు సంతకం, ముద్ర, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేరు దగ్గర. ఆస్పత్రి ఫైల్లో ‘శ్రావణి’ అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి మూడు మాటలుంటాయి. అందుకే లేఖ రాయించే రోజు పాస్‌పోర్టు నకలు వెంట తీసుకెళ్లి, ‘డాక్టరుగారూ, పేరు ఇందులో ఉన్నట్టే రాయండి’ అని అడగాలి. ఈఈజీ, ఎంఆర్ఐ రిపోర్టులు కూడా జత చేస్తే అక్కడి నరాల డాక్టరుకు పని తేలికవుతుంది.

దేశం మారితే నియమమూ మారుతుంది. దుబాయ్, అబుదాబిలకు పనికి వెళ్లేవాళ్లు నడుంనొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కొడీన్ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోకుండా అవి తీసుకెళ్తే కేసు దాకా పోవచ్చు. జపాన్‌కు నెల రోజులకు మించిన చీటీ మందులు తీసుకెళ్లాలంటే ‘యున్యు కకునిన్‌షో’ అనే దిగుమతి పత్రం బయల్దేరకముందే చేతికి రావాలి. బ్రిటన్‌లో ప్రెగాబలిన్ 2019 నుంచి నియంత్రిత మందు. అక్కడికి మూడు నెలలకు మించి నియంత్రిత మందు తీసుకెళ్లాలంటే లైసెన్సు కావాలి. మత్తు కలిగించే మందుల మీద ఏ దేశం ఏమంటుందో అంతర్జాతీయ మాదకద్రవ్య నియంత్రణ మండలి వెబ్‌సైటు incb.org లో దేశాలవారీగా ఉంటుంది. అక్కడ చూసి, ఆ దేశ రాయబార కార్యాలయానికి ఒక మెయిలు పెట్టి, వచ్చిన జవాబును ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. వెతికేటప్పుడు కంపెనీ పేరుతో కాదు, రసాయనం పేరుతో వెతకాలి.

‘అయిపోతే కొరియర్‌లో పంపిస్తాంలే’ అనేది అమ్మానాన్నల ధీమా. జర్మనీలో యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మందులు పోస్టులో తెప్పించుకోవడం వ్యక్తులకు నిషేధం. అమెరికాలో 90 రోజులు మించి ఉండే విదేశీయులు తమ మందును తెప్పించుకోవడానికి ఎఫ్‌డీఏ అవకాశమిస్తుంది. పార్శిల్‌లో వీసా, పాస్‌పోర్టు నకళ్లు, డాక్టరు లేఖ, ఇంగ్లిష్ చీటీ ఉండాలి. థైరాయిడ్ మాత్రలకు ఈ దారి ఉంది కానీ క్లోబజామ్ లాంటి నియంత్రిత మందుకు లేదు, అది పోస్టులో రాకూడదు.

కాబట్టి ఈ అమ్మాయి టెక్సాస్‌లో దిగిన మొదటి వారంలోనే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి. మన చీటీకి అక్కడి ఫార్మసీ మందివ్వదు. వీడియో కాల్‌లో మన డాక్టరు రాసిచ్చినా అంతే. నరాల స్పెషలిస్టు దగ్గరికి పంపడానికి, అక్కడ తేదీ దొరకడానికి వారాలు పట్టొచ్చు. ఇన్సూరెన్సు ఏ తేదీ నుంచి మొదలవుతుందో, ఆమె మందులకు అందులో కవరేజి ఉందో లేదో కూడా అప్పుడే అడగాలి. క్లోబజామ్ స్ట్రిప్పులు ఇంకా ఎన్ని మిగిలాయో ఆ రోజే చెబితే, స్పెషలిస్టు తేదీ ఆలస్యమైనా హెల్త్ సెంటర్ డాక్టరు మధ్యలో ఒక నెలకు రాసివ్వగలరేమో కనుక్కునే వీలుంటుంది.