జర్మనీలో ‘ఓపేర్’గా ఏడాది... బయల్దేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

డిగ్రీ అయిపోయింది. పై చదువుకి విదేశం పంపాలంటే పాతిక లక్షలు కావాలి. ఇంట్లో అంత లేదు. సరిగ్గా ఇలాంటి ఇళ్ళకే ఈమధ్య ఒక మాట వినిపిస్తోంది: “జర్మనీలో పిల్లల్ని చూసుకునే పని ఉందట. ఉండడం, తినడం వాళ్ళే చూస్తారు. పైగా డబ్బూ ఇస్తారట!” ఆ పేరే ఓపేర్.

మాట అబద్ధం కాదు. అయితే సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక వెళ్ళిన అమ్మాయి అక్కడ పనిమనిషిగా మిగిలిపోవచ్చు. తెలిసి వెళ్ళిన అమ్మాయి ఏడాదిలో ఒక భాష నేర్చుకుని తన దారి తను చూసుకోవచ్చు. ఆ తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

ఉద్యోగమా? చదువా?

రెండూ కాదు. ఓపేర్ అంటే ఒక విదేశీ కుటుంబంతో ఇంట్లో మనిషిలా ఉంటూ, వాళ్ళ పిల్లల్ని చూసుకోవడంలో, చిన్న చిన్న ఇంటి పనుల్లో సాయపడుతూ, అక్కడి భాష నేర్చుకోవడం. అందుకే ఇచ్చే డబ్బుని జీతం అనరు, పాకెట్ మనీ అంటారు. జర్మనీలో అది నెలకు 280 యూరోలు. సొంతంగా ఒక గది, భోజనం, ఆరోగ్య బీమా ఆ కుటుంబమే ఇవ్వాలి. భాషా తరగతుల ఫీజుకి నెలకు మరో 70 యూరోలు కూడా వాళ్ళే ఇవ్వాలి.

వెళ్ళేందుకు 18 ఏళ్ళు నిండాలి. వీసాకి దరఖాస్తు చేసే రోజుకి 27వ పుట్టినరోజు దాటకూడదు. జర్మన్ భాషలో తొలిమెట్టు, అంటే ఏ1 స్థాయి వచ్చి ఉండాలి. హైదరాబాదులో గోథే జెంట్రమ్ ఈ భాష నేర్పుతుంది. మన రెండు రాష్ట్రాల వాళ్ళ వీసా దరఖాస్తుల్ని చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ చూస్తుంది. ఒప్పందం కనీసం ఆరు నెలలకి, గరిష్ఠంగా ఏడాదికి. ఏడాది తర్వాత పొడిగింపు లేదు. మళ్ళీ ఇంకోసారి ఓపేర్‌గా వెళ్ళే వీలూ లేదు. కాబట్టి ఉన్నది ఒక్కటే అవకాశం!

మనవాళ్ళ ఇంటికే వెళ్తే?

చాలామంది తల్లులకి ముందు తట్టే ఆలోచన ఇదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో, మ్యూనిక్‌లోనో మనవాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉంటారు. “అక్కా, మీ అమ్మాయిని పంపించు. మా బాబుని చూసుకుంటుంది, మేం చూసుకుంటాం” అని ఫోన్ చేస్తారు. తెలియని దేశంలో తెలిసిన ఇల్లు అని మనకీ ధీమాగా ఉంటుంది.

కానీ ఈ దారి మూసే ఉంది. ఆతిథ్యమిచ్చే ఇంట్లో జర్మన్ మాతృభాషగా ఉండాలి. మాతృభాష కాకపోయినా ఇంట్లో జర్మనే మాట్లాడుకుంటారనుకుందాం, అప్పుడు కూడా ఆ తల్లిదండ్రుల స్వదేశం నుంచి ఓపేర్‌ని తెచ్చుకోకూడదు. బంధువులైతే అసలే కుదరదు. కారణం తేలికే. తెలుగింట్లో ఉంటే జర్మన్ రాదు కదా! భాష రానప్పుడు మిగిలేది పిల్లల్ని చూసుకునే చాకిరీ ఒక్కటే. ఎవరైనా “ముందు టూరిస్టు వీసా మీద వచ్చెయ్, తర్వాత చూద్దాం” అంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద ఓపేర్‌గా ఉండడం చట్టవిరుద్ధం. రేపు కష్టం వస్తే నోరు విప్పడానికి భయపడేది మన అమ్మాయే.

వారానికి 30 గంటలు

రోజుకి ఆరు గంటలు, వారానికి 30 గంటలు... ఇదీ హద్దు. తల్లిదండ్రులు బయటికి వెళ్ళినప్పుడు సాయంత్రం పిల్లలకి కాపలా ఉన్నా ఆ గంటలూ ఇందులోకే వస్తాయి. వారంలో ఒకటిన్నర రోజు సెలవు. నెలకి ఒక్క ఆదివారమైనా పూర్తిగా తనదే. ఏడాదికి నాలుగు వారాలు సెలవు, ఆ రోజులకీ పాకెట్ మనీ ఇవ్వాల్సిందే.

ఉదాహరణకి గుంటూరు నుంచి బి.కామ్. చదివిన 22 ఏళ్ళ అమ్మాయి వెళ్ళిందనుకుందాం. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలకి టిఫిన్ పెట్టి బడిలో దింపడం. మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా వాళ్ళని తీసుకొచ్చి ఆడించడం, వాళ్ళ బట్టలు ఉతికి మడతపెట్టడం. రోజుకి ఐదున్నర గంటలు, ఐదు రోజులకి ఇరవై ఏడున్నర. శనివారం రాత్రి రెండున్నర గంటలు పిల్లల దగ్గర ఉంటే సరిగ్గా 30. మిగతా పొద్దున్నా సాయంత్రాలూ తరగతులకి, చదువుకి. ఒప్పందంలో గంటలు ఇలా రోజువారీగా రాసి ఉంటే అది మంచి ఇల్లని సగం నమ్మొచ్చు. “కుటుంబ అవసరాన్ని బట్టి” అని మాత్రమే రాస్తే అడిగి రాయించుకోవాలి.

ఎక్కడ చెడుతుంది?

ఒక్కరోజులో చెడదు. మెల్లగా జరుగుతుంది. మొదటి నెల అంతా బాగుంటుంది. రెండో నెలలో “ఈ రోజు నేను అరగంట ఆలస్యంగా వస్తాను, ఏమనుకోకు” అంటుంది ఇంటావిడ. ఆ అరగంట రోజూ అవుతుంది. తర్వాత పెద్దవాళ్ళ చొక్కాలకి ఇస్త్రీ, కిటికీ అద్దాలు, శనివారం అతిథులొస్తే వంట... అడగడానికి మనవాళ్ళకి మొహమాటం. వాళ్ళింట్లో తింటున్నాం కదా అనుకుంటారు. చూస్తూండగానే 30 గంటలు 40 దాటిపోతాయి. ముందుగా పోయేది జర్మన్ తరగతి!

పిల్లల పనులు, గది సర్దడం, తేలికపాటి వంట ఓపేర్ పనులే. ఇల్లంతా కడగడం, తోటపని, మంచాన ఉన్న ముసలివాళ్ళకి సేవ చేయడం మాత్రం కావు. తాతగారినో నానమ్మగారినో చూసుకోమంటే అది వేరే ఉద్యోగం, దానికి జీతం వేరే.

దీనికి తేలికైన మందు ఒకటుంది. మొదటి రోజు నుంచే ఒక చిన్న నోటుబుక్కులో తేదీ వేసి, ఎన్నింటికి మొదలుపెట్టిందీ ఎన్నింటికి ముగించిందీ రాసుకోవాలి. మూడు వారాలు వరసగా 30 దాటితే ఆ పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడాలి. చాలా ఇళ్ళలో విషయం అక్కడే సర్దుకుంటుంది. ఎదుటివాళ్ళు చెడ్డవాళ్ళే కానక్కర్లేదు, లెక్క మర్చిపోయి ఉండొచ్చు. పుస్తకం చూపించాక కూడా మారకపోతే అప్పుడు ఇల్లు మారాల్సిందే.

ఇల్లు మారడం కుదురుతుంది. మామూలు ఒప్పందంలో ఇరువైపులా 14 రోజుల గడువుతో నోటీసు ఇవ్వొచ్చు. చెయ్యి చేసుకోవడం, అసభ్యంగా ప్రవర్తించడం వంటివి జరిగితే గడువు కూడా అక్కర్లేదు. అయితే కొత్త కుటుంబంతో కొత్త ఒప్పందం చేసుకుని, ఆ ఊళ్ళో విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసు అనుమతి తీసుకోవాలి. ఏడాదిలో మిగిలిన నెలలే దక్కుతాయి. చెప్పకుండా వెళ్ళిపోయి స్నేహితుల దగ్గర ఉండిపోతే మాత్రం అక్కడ ఉండే హక్కే పోవచ్చు. హింసకి గురైన మహిళలకి ఆ దేశంలో ఉచిత ఫోన్ నంబరు 116016. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. పోలీసులకైతే 110. ఈ రెండు నంబర్లూ, పాస్‌పోర్టూ, ఒప్పందం కాపీ ఎప్పుడూ అమ్మాయి దగ్గరే ఉండాలి. పాస్‌పోర్టు “మా బీరువాలో భద్రంగా ఉంటుంది” అని అడిగినా ఇవ్వకూడదు.

డబ్బు లెక్క

ఇక అసలు సంగతి. నెలకి 280 యూరోల చొప్పున ఏడాదికి 3,360 యూరోలు. యూరో నూరు రూపాయలని తేలిగ్గా లెక్కేసుకుంటే మూడు లక్షల 36 వేలు. ఇందులోనే ఫోను, బట్టలు, ఊరు చూడడం, మిగతా ఖర్చులన్నీ. పొదుపుగా ఉండి నెలకి వంద యూరోలు దాచినా ఏడాది చివర మిగిలేది లక్షా ఇరవై వేలు. భాషా కోర్సు, పరీక్ష, 75 యూరోల వీసా ఫీజు, విమానం టికెట్ మామూలుగా మనమే పెట్టుకోవాలి. అంటే పెట్టిన ఖర్చు తిరిగొస్తే గొప్ప. ఇంటికి డబ్బు పంపే దారి కాదిది.

ఇప్పుడు ఏజెంటు మాట వినండి. “నాలుగు లక్షలు కట్టండి, అన్నీ మేమే చూసుకుంటాం.” అమ్మాయి ఏడాదంతా రూపాయి ఖర్చుపెట్టకపోయినా ఆ నాలుగు లక్షలు రావు! జర్మనీలోని ఏజెన్సీలు ఓపేర్ దగ్గర 150 యూరోలకి మించి తీసుకోకూడదని అక్కడ నిబంధన ఉంది. నగలు కుదువపెట్టి వెళ్ళిన అమ్మాయి, ఇంట్లో ఎన్ని ఇబ్బందులున్నా వెనక్కి రాలేదు. అప్పే ఆమెని కట్టేస్తుంది. కాబట్టి అప్పు చేయాల్సి వస్తే ఈ ప్రయాణం మానుకోవడమే మేలు.

“ఓపేర్ కాకపోతే లండన్‌లో కేర్ వర్కర్‌గా పంపిస్తాం” అనే వాళ్ళతోనూ జాగ్రత్త. బ్రిటన్ ఆ ఉద్యోగాలకి విదేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడం 2025 జులై 22 నుంచి ఆపేసింది. అది తెరిచి ఉన్న రోజుల్లోనే లక్షలు పోసి వెళ్ళి, చెప్పిన పనే దొరక్క ఇబ్బందిపడ్డవాళ్ళున్నారు.

మరి లాభం ఏమిటి?

భాషే. ఏ1తో వెళ్ళిన అమ్మాయి శ్రద్ధగా తరగతులకి వెళ్ళి, రోజూ పిల్లలతో మాట్లాడుతూ ఉంటే ఏడాదిలో బీ1 స్థాయికి చేరుకోవచ్చు. పిల్లలు తప్పుల్ని మొహం మీదే దిద్దుతారు, అంతకన్నా మంచి టీచరు ఎవరు! 70 యూరోలు అన్ని కోర్సులకీ సరిపోవు కానీ, ఫోక్స్‌హోక్‌షూలే అనే ప్రభుత్వ సాయంతో నడిచే బళ్ళలో ఫీజు తక్కువ.

ఆ భాష ఉంటే తర్వాతి మెట్టు కనిపిస్తుంది. జర్మనీలో నర్సింగ్ మూడేళ్ళ శిక్షణ. చదువుతూండగానే జీతం ఇస్తారు, చాలా ఆసుపత్రుల్లో మొదటి ఏడాదే నెలకి 1,300 యూరోలకి పైన. దానికి బీ1, చాలాచోట్ల బీ2 అడుగుతారు. ఓపేర్ గడువు ముగియకముందే శిక్షణ ఒప్పందం చేతికొస్తే అక్కడి ఆఫీసులోనే అనుమతి మార్పుకి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అందుకని వెతుకులాట చివరి నెలలో కాదు, ఆరో నెలలోనే మొదలుపెట్టాలి. గడువు దాటితే ఇంటిముఖం పట్టాల్సిందే.

నర్సింగ్ మీద మనసు లేని అమ్మాయికి, పిల్లలంటే విసుగుపడే అమ్మాయికి ఇది పనికిరాదు. ఆ రెండూ ఉన్న అమ్మాయి అయితే, వీసాకన్నా ముందు ఆ కుటుంబంతో కనీసం మూడు నాలుగుసార్లు వీడియోలో మాట్లాడాలి. ఒకసారి పిల్లలతో కూడా. అంతకుముందు వాళ్ళింట్లో ఉన్న ఓపేర్ ఫోన్ నంబరు అడగాలి. “ఎందుకు?” అని మొహం ముడుచుకునే ఇల్లు మనకొద్దు. “తప్పకుండా మాట్లాడమ్మా” అన్న ఇంటితో మిగతా మాటలు మొదలుపెట్టవచ్చు.