కరివేపాకు మీద పిట్ట రెట్టా? కాస్త జూమ్ చేసి చూడండి

వానలు మొదలవగానే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ఫోటోలు మొదలవుతాయి. బాల్కనీలో కుండీ, కుండీలో కరివేపాకు, ఆకు మీద ఏదో పురుగు. కింద ఒకటే ప్రశ్న: "ఇదేంటి? మందు కొట్టాలా?" ఐదు నిమిషాల్లో ఐదు జవాబులు వస్తాయి. ఒకరు వేపనూనె అంటారు. ఇంకొకరు దురద పురుగు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి అంటారు. అది అసలు ఏ పురుగో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ కరివేపాకు రేపు పోపులో పడేదే కాబట్టి, మందు కొట్టే ముందు పురుగు ఎవరిదో తెలుసుకోవడం మనకే మంచిది.

గొంగళి పురుగు పెద్దయ్యాక సీతాకోకచిలుక అవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. అది సగమే నిజం. అది మాత్ కూడా కావచ్చు. మాత్‌ని మన దగ్గర చిమ్మట అంటారు, రెక్కల పురుగు అంటారు, ఊరిని బట్టి ఇంకేవో అంటారు. గందరగోళం లేకుండా ఇక్కడ మాత్ అనే అందాం. మన దేశంలో సీతాకోకచిలుకలు సుమారు 1,300 రకాలు ఉంటే మాత్‌లు 10,000కు పైనే ఉన్నాయి. కాబట్టి ఏ మొక్కో తెలియని గొంగళి పురుగు ఫోటో వస్తే, అది మాత్ పిల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ అది కరివేపాకు మీద ఉంటే లెక్క మారిపోతుంది. అది ఎందుకో తర్వాత చెప్తాను. ముందు రెక్కలొచ్చినవాటి సంగతి చూద్దాం.

రంగు చూడకండి, మీసం చూడండి

అందంగా ఉంటే సీతాకోకచిలుక, బూడిద రంగులో ఉంటే మాత్. పగలు ఎగిరితే ఇది, రాత్రి లైటు దగ్గరికొస్తే అది. ఈ రెండు సూత్రాలూ ఫోటోల దగ్గర తేలిపోతాయి.

సాయంత్రం చీకటి పడుతుండగా గోడ మీద ఎండుటాకు లాంటిది వాలిందనుకోండి. గోధుమ రంగు, రెక్కలు నిలువుగా మూసుకుని ఉంటాయి. చాలామంది చూడగానే మాత్ అనేస్తారు. అది కామన్ ఈవెనింగ్ బ్రౌన్ కావచ్చు, అంటే అసలు సిసలు సీతాకోకచిలుకే. సందెవేళ తిరగడం దాని అలవాటు. దాని పిల్లలు వరి ఆకు తింటాయి. దీనికి పూర్తి వ్యతిరేకం హాక్ మాత్‌లలో కొన్ని. పట్టపగలే పూల ముందు గాల్లో నిలబడి, పొడవాటి గొట్టంతో తేనె తాగుతాయి. వాటి వీడియో తీసి "మా ఇంట్లో హమ్మింగ్ బర్డ్" అని స్టేటస్ పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల పక్షులు, మన దేశంలో లేవు. ఆ వీడియోలో ఉన్నది మాతే.

నమ్మదగ్గ గుర్తు తల మీద ఉండే రెండు మీసాలు. సీతాకోకచిలుక మీసం సన్నగా వెళ్లి చివర్లో ముడిలా ఉబ్బుతుంది, అగ్గిపుల్ల లాగ. మాత్ మీసం చివరిదాకా దారంలా సన్నబడుతుంది, లేదంటే ఈకలా, దువ్వెనలా ఉంటుంది. స్కిప్పర్లు అనే చిన్న సీతాకోకచిలుకలకు ఆ ముడి చివర కొక్కెంలా వంగి ఉంటుంది. లావుపాటి ఒళ్లు, చకచకా ఎగరడం చూసి వాటిని మాత్‌లనుకుంటారు. చివర్లో కాస్త లావయ్యే మీసాలున్న మాత్‌లు కూడా కొన్ని ఉన్నాయి కానీ, మన బాల్కనీ ఫోటోలకు ఈ గుర్తు దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. సమస్యల్లా ఫోటోలో మీసం మసగ్గా పడటమే. ఫోకస్ రెక్క మీద కాదు, తల మీద పెట్టాలి. మాత్ వాలినప్పుడు మీసాల్ని తరచూ రెక్కల కింద దాచేస్తుంది కాబట్టి, పై నుంచి ఒక్క ఫోటో తీసి ఆపకండి, పక్క నుంచి కూడా తీయండి.

ఇక ఆ కరివేపాకు ఫోటో

గొంగళి పురుగుకు ఆ మీసాల గుర్తు ఉండదు. దాని దగ్గర మొదట చూడాల్సింది పురుగును కాదు, అది తింటున్న మొక్కను. గొంగళి పురుగుల్లో చాలావాటికి కడుపులోకి వెళ్లేది ఒకటో రెండో కుటుంబాల మొక్కలే. తల్లి వెతికి మరీ ఆ మొక్క మీదే గుడ్డు పెడుతుంది. అందుకే ఆకు కనపడకుండా పురుగునే జూమ్ చేసి తీసిన ఫోటో, ఎర్రర్ మెసేజ్ కత్తిరించేసి పంపిన బగ్ రిపోర్ట్ లాంటిది.

కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు అన్నీ ఒకే కుటుంబం. వీటి లేత ఆకుల మీద మెరిసే నల్లటి, గోధుమ రంగు పురుగు, మధ్యలో తెల్లటి మరకతో, అచ్చం పిట్ట రెట్టలా ఉంటే అది స్వాలోటెయిల్ జాతి సీతాకోకచిలుక పిల్ల. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. పిట్టలు తమ రెట్టను తామే తినవు కదా, ఆ వేషం అందుకే.

రెండు మూడు రోజుల తర్వాత అదే గ్రూపులో ఇంకో ఫోటో వస్తుంది: "పాతది పోయింది, ఇప్పుడు ఆకుపచ్చది వచ్చింది." పోలేదు. ఈ పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. చివరిసారి విడిచాక పిట్ట రెట్ట వేషం పోయి ఆకుపచ్చగా తయారవుతుంది, మెడ భాగంలో కళ్లలాంటి రెండు గుర్తులు వస్తాయి. అవి కళ్లు కావు. అసలు తల చిన్నగా, కిందకి వంచుకుని ఉంటుంది. అనుమానం తీరకపోతే ఒక పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనక నుంచి ఎర్రటి లేదా నారింజ రంగు కొమ్ముల జత, పాము నాలుకలా బయటకొస్తుంది, దాంతో పాటు ఘాటైన వాసన. ఆ క్షణం ఫోటోలో పడితే ఇక వాదనే లేదు. ఆ కొమ్ములు స్వాలోటెయిల్ కుటుంబానికి తప్ప వేరే వాటికి ఉండవు.

లైమా, మార్మనా అన్నది మాత్రం చిన్న పురుగు ఫోటోలో తేల్చడం కష్టం. అక్కడ "స్వాలోటెయిల్ పిల్ల" అని ఆగిపోవడమే నిజాయితీ. iNaturalist లాంటి చోట ఫోటో పెట్టినా, జాతి పేరు కాకుండా కుటుంబం పేరు దగ్గర ఆపే వీలుంది.

మరి మందు కొట్టాలా? ఈ పురుగు కుట్టదు, దురద పెట్టదు. అడుగున్నర ఎత్తు కరివేపాకు మొక్కను మాత్రం ఒకటి రెండు పురుగులు బోడి చేసేయగలవు. పెద్ద చెట్టయితే దానికి తేడా కూడా తెలియదు. చిన్న కుండీ అయితే పురుగున్న ఆకుతో సహా తీసి, దగ్గర్లోని పెద్ద కరివేపాకు చెట్టు మీదో, నిమ్మ చెట్టు మీదో వదిలితే సరిపోతుంది. తినే ఆకు మీద మందు అక్కర్లేదు.

ఒకే గన్నేరు, ఇద్దరు అతిథులు

మొక్క తెలిస్తే చాలు అనుకోకండి. గన్నేరు దీనికి మంచి ఉదాహరణ. దాని మీద తెలుపు, ముదురు రంగు చారలతో, ఒంటి మీద నాలుగు జతల నల్లటి మెత్తని కొమ్ములతో పురుగు కనిపిస్తే అది కామన్ క్రో అనే సీతాకోకచిలుక పిల్ల. కొన్నాళ్లకు ఆకు కింద వెండి పూత పూసినట్టు మెరుస్తూ వేలాడే ప్యూపా దీనిదే. జిల్లేడు మీద ఇలాంటి చారల పురుగే ఉండి, కొమ్ములు మూడు జతలే ఉంటే అది ప్లెయిన్ టైగర్. ఫోటోలో కొమ్ములు లెక్కపెట్టండి, అదే తేడా.

అదే గన్నేరు మీద, లేదా నందివర్ధనం మీద, వేలంత లావు పచ్చటి పురుగు, తల దగ్గర రెండు నీలం కళ్ల గుర్తులు, తోక దగ్గర పొట్టి కొమ్ము ఒక్కటే ఉంటే అది ఓలియాండర్ హాక్ మాత్ పిల్ల. తోక మీద ఒంటి కొమ్ము హాక్ మాత్ కుటుంబానికి ఐడీ కార్డు లాంటిది. కరివేపాకు పురుగుకీ కళ్ల గుర్తులున్నాయి కదా అని కంగారు పడొద్దు, దానికి తోక కొమ్ము ఉండదు. ఈ పురుగు ఆకుల్లో కలిసిపోయి కనపడకపోతే కుండీ కింద చూడండి. మిరియాల్లాంటి నల్లటి ఉండలు రాలి ఉంటే అది దాని పెంటే, పైన ఎక్కడో పురుగుందని అర్థం. ఒకరోజు హఠాత్తుగా గోధుమ రంగుకు మారి మట్టి వైపు దిగిపోతుంటే జబ్బు చేసిందనుకోకండి, ప్యూపా అవడానికి వెళ్తోంది.

కాళ్లు లెక్కపెట్టే పని

మొక్కా తెలియక, కొమ్ములూ లేకపోతే పక్క నుంచి ఫోటో తీసి కాళ్లు చూడండి. తల వెనక మూడు జతల గట్టి కాళ్లు అన్నిటికీ ఉంటాయి. పొట్ట కింద మెత్తగా పట్టుకునే కాళ్లు వేరే. సీతాకోకచిలుక పిల్లలకు ఇవి ఐదు జతలు. మాత్‌లలో చాలావాటికీ ఐదే కాబట్టి ఐదు ఉంటే ఏమీ తేలదు. తక్కువుంటే మాత్రం అది మాతే. మధ్యలో కాళ్లు లేక ఒళ్లు విల్లులా వంచి జానలు కొలిచినట్టు నడుస్తుంది. ఆముదం మీద కనిపించే దాసరి పురుగు ఆ తరహాదే.

పొట్ట కాళ్లు ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటే అది గొంగళి పురుగే కాదు. సాఫ్లై అని కందిరీగల చుట్టం పిల్ల. ముల్లంగి, ఆవ మొక్కల మీద నల్లగా కనిపిస్తుంది. ఇది కేవలం పేరు తేడా కాదు. గొంగళి పురుగుల కోసం అమ్మే బీటీ మందు దీని మీద పనిచేయదు. మనం డబ్బు పెట్టి కొట్టింది వృథా, మొక్క కూడా పోతుంది.

ఏది ముట్టుకోకూడదు

మునగ కాండం మీద వానాకాలంలో గుంపుగా పేరుకునే బూరు పురుగులు మాత్ పిల్లలు. వాటి వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది మామిడి, కొబ్బరి, గులాబీ, ఆముదం మీద ఉండే స్లగ్ పురుగులతో. చూడ్డానికి మహా ముచ్చటగా ఉంటాయి: చిలకాకుపచ్చ రంగు, వీపు మీద నీలి చార, చుట్టూ ముళ్ల కుచ్చులు. కాళ్లు కనపడవు, జారుతున్నట్టు కదులుతాయి. తాకితే తేలు కుట్టినంత మంట. తగిలితే రుద్దొద్దు. సెల్లోటేప్ అతికించి లాగితే ముళ్లు ఊడొస్తాయి, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే వెంటనే డాక్టర్ దగ్గరికే.

ముళ్లుంటే మాత్ అని మాత్రం రాసేయకండి. ఆముదం మీదే క్యాస్టర్ సీతాకోకచిలుక పిల్లకు కొమ్మలు చీలినట్టుండే ముళ్లుంటాయి, అవి ఏమీ చేయవు. పలచటి బూరు గుంపు మాత్‌ల వైపు, విడివిడిగా చీలిన గట్టి ముళ్లు సీతాకోకచిలుకల వైపు మొగ్గుతాయి. తెలియనంతవరకు చేత్తో ముట్టుకోకుండా పుల్లతో జరపడమే నయం.

ఇన్ని చూసినా పేరు తేలని పురుగులుంటాయి. అప్పుడు గాలాడే డబ్బాలో అదే మొక్క ఆకు రోజూ తాజాగా వేసి, అడుగున కాస్త తడి మట్టి పోసి పెంచండి, రోజుకొక ఫోటో తీయండి. రెక్కలొచ్చినప్పుడు మీసం చూస్తే తేలిపోతుంది. ఒక్కోసారి మాతూ రాదు, సీతాకోకచిలుకా రాదు. ప్యూపాకు చిన్న కన్నం పడి, చీమంత కందిరీగలు బయటకొస్తాయి. పురుగు ఒంట్లో ఎప్పుడో గుడ్లు పెట్టిన తల్లి పిల్లలవి. ఆ ఫోటో కూడా దాచుకోండి, మొదటి రోజు ఫోటో పక్కన.