ఏక్యూఐ వీడియోకు స్టిచ్‌లో జవాబు ఎలా రాయాలి?

2024 నవంబరు 18 సాయంత్రం 4 గంటలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీ వాయు నాణ్యత సూచీని (ఏక్యూఐ) 494గా ప్రకటించింది. అదే రోజు ఒక ప్రైవేటు సంస్థ యాప్‌లో వెయ్యి దాటిన అంకె కనిపించింది. ఈ తేడా చూపించి ‘ప్రభుత్వం అసలు లెక్క దాస్తోంది’ అని ఎవరైనా వీడియో పెట్టారనుకుందాం. దానికి మర్యాదగా జవాబివ్వాలంటే స్క్రిప్టులో ఏముండాలి?

ఎదుటివారి వీడియోలో ఒక ముక్కను ముందు చూపి, ఆ వెంటనే మన మాట జోడించడం స్టిచ్. రెండు వీడియోలనూ పక్కపక్కన నడిపించడం డ్యూయెట్. టిక్‌టాక్‌పై 2020 నుంచి నిషేధం ఉన్నందున మన దేశంలో ఈ పని ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌ల రీమిక్స్‌తో జరుగుతోంది. యూట్యూబ్ షార్ట్స్‌లో కత్తిరించే ముక్క 5 సెకన్లు మించకూడదు. అందుకే వాక్యం మధ్యలో తెగకుండా, ఆరోపణ మొత్తం వినిపించే చోటును ఎంచుకోవాలి. సగం మాట చూపి సగానికి జవాబు చెబితే అవతలి వ్యక్తికి అన్యాయం చేసినట్టే.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. అపోహను సరిదిద్దేటప్పుడు నిజాన్ని ముందు చెప్పడం మేలు. స్టిచ్‌లో మాత్రం అపోహే ముందు వినిపిస్తుంది. కాబట్టి ఆ 5 సెకన్లలోనే ‘రెండు కొలబద్దలు, రెండు అంకెలు’ అని తెరపై అక్షరాలు వేయాలి.

మొదటి మాట ఒప్పుకోలుగా ఉండాలి: ‘మీరు చూపిన అంకె కల్పితం కాదు, యాప్‌లో నిజంగానే ఉంది.’ తర్వాత కారణం. మన సూచీ 500 దగ్గర ఆగిపోతుంది. సాధారణంగా 24 గంటల సగటుతో లెక్కిస్తారు. ఆ యాప్ అమెరికా కొలబద్దను 500 పైకి కూడా పొడిగించి, తాజా గంటల గాలిని చూపిస్తుంది.

దాచడమే ఉద్దేశమైతే మన అంకె ఎప్పుడూ తక్కువే ఉండాలి కదా! ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాముల పీఎం 2.5 ధూళి ఉందనుకోండి. అమెరికా 2024లో సవరించిన పట్టిక ప్రకారం సూచీ సుమారు 180. మన పట్టిక ప్రకారం సుమారు 230. ఇక్కడ మనదే ఎక్కువ. 40 మైక్రోగ్రాముల దగ్గర ఇది తలకిందులవుతుంది: మనది సుమారు 65, ‘సంతృప్తికరం’; వారిది 110 పైన. స్క్రిప్టులో రెండూ చెప్పాలి, ఒక్కటే చెబితే అది వాదన గెలవడం కోసం చేసిన ఎంపిక అవుతుంది. 500 గీత వల్ల తీవ్ర కాలుష్యంలోని హెచ్చుతగ్గులు కనిపించవన్న విమర్శలో న్యాయముందనీ చెప్పాలి.

డ్యూయెట్ అయితే మరో జాగ్రత్త. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ జవాబిచ్చేవారి ముఖం పక్కనే కనిపిస్తుంది. తల అడ్డంగా ఊపినా, నవ్వు ఆపుకున్నట్టు కనబడినా, తర్వాతి మర్యాదంతా వృథా. ‘ఈయన అబద్ధం చెబుతున్నాడు’ అనే బదులు ‘ఈ రెండు అంకెలను నేరుగా పోల్చలేం’ అనాలి. చివర అడగదగిన ప్రశ్న ఒకటే: ‘రెండు చోట్లా ఒకే గంటకు పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములుందో మీరు చూసి చెబుతారా?’