ప్రతి దడా ముట్లుడగడం వల్లేనా?

ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గుల వల్ల, ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం చిన్న మార్పుకే స్పందిస్తుంది. ముఖం, మెడ, ఛాతీ భగ్గుమంటాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. రాత్రిపూట ఇదే నిద్ర చెడగొడితే మర్నాడు చిరాకు, దిగులు.

47 ఏళ్ల స్త్రీకి నెలసరి క్రమం తప్పి, ఇలాంటి ఆవిర్లే వస్తున్నాయనుకుందాం. కానీ దడ విడవడం లేదు, చేతులు వణుకుతున్నాయి, బాగా తింటున్నా బరువు తగ్గుతోంది. అప్పుడు థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో చూడాలి, టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో తెలుస్తుంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే హిమోగ్లోబిన్ కూడా చూడాలి. రక్తహీనత కూడా దడ తెస్తుంది. “వయసు ప్రభావమేలే” అని ఇంట్లోవాళ్లు సర్దిచెబితే నాకు భయమేస్తుంది. రాత్రి చెమటలకు జ్వరం, వదలని దగ్గు తోడైతే క్షయ పరీక్ష చేయించాలి. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.