డబ్బు చేరింది, కబురు చేరలేదు

“రాత్రి 9:05కి డబ్బు పడితే మెసేజ్ 9:50కి వచ్చిందేంటండీ?” చెల్లింపుల యాప్ సహాయ కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ల ముందు శిక్షకురాలు పెట్టిన ఫిర్యాదు ఇది. ఒక కుర్రాడు వెంటనే “సర్వర్ ప్రాబ్లం అని చెప్పేస్తాం మేడమ్” అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

ముందు రికార్డు చూడాలి. అందులో మెసేజ్ 9:05కే కంపెనీ నుంచి గూగుల్ సర్వర్‌కు వెళ్లినట్టుంది. అంటే ఆలస్యం ఆ తర్వాతే జరిగింది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్లకు ‘డోజ్’ అనే ఏర్పాటు ఉంది. ఛార్జింగ్‌లో లేని ఫోన్ స్క్రీన్ ఆరి, కదలకుండా కాసేపు పడి ఉంటే, బ్యాటరీ ఆదాకోసం నెట్ వాడకాన్ని ఆపేస్తుంది. మధ్యమధ్యలో కొద్దిసేపు మేలుకున్నప్పుడు మామూలు మెసేజ్‌లు తీసుకుంటుంది. ‘హై ప్రయారిటీ’ గుర్తు పెట్టి పంపినవాటికి సాధారణంగా ఈ నిరీక్షణ ఉండదు. కొన్ని కంపెనీల ఫోన్లలో అదనపు బ్యాటరీ నియంత్రణలూ ఉంటాయి.

అయితే రికార్డు చూసి తప్పు ఫోన్‌దేనని తేల్చేయకూడదు. ఆ గుర్తు పెట్టకపోతే లోపం యాప్ వాళ్లదే. నెట్ లేకపోయినా ఇలాగే అవుతుంది. అందుకే ఒక ప్రశ్న: “ఫోన్ చేతిలోకి తీసుకోగానే మిగతా మెసేజ్‌లూ ఒక్కసారే వచ్చాయాండీ?” అవునంటే ఫోన్ నిద్రపోయిందనో, నెట్ పోయిందనో అనుమానించవచ్చు.

చివరికి ఆమె రాయించిన జవాబు: “మీ డబ్బు 9:05కే జమైందండీ, యాప్‌లో చూడొచ్చు. కబురు మాత్రం ఆలస్యమైంది. బ్యాటరీ సెట్టింగ్ ఒకసారి చూద్దామా?”