బొమ్మ పోయిన గడియారం లెక్క

కానిస్టేబుల్ పరీక్షకు చదివే కుర్రాడు గడియారం లెక్క ఫొటో తీసి స్నేహితుడికి పంపుతాడు. ఫొటో తెరుచుకోదు. కింద మాత్రం ‘జవాబు ఎంత?’ అని ఉంటుంది. దేనికి జవాబు?

బొమ్మలో 3:40 ఉందనుకుందాం. ‘సమయం 3:40, ముళ్ల మధ్య చిన్న కోణం కావాలి’ అని టైపు చేస్తే చాలు. చిన్న ముల్లు గంటకు 30 డిగ్రీలు, నిమిషానికి అర డిగ్రీ కదులుతుంది కాబట్టి 90కి 20 కలిసి 110 దగ్గర ఉంటుంది. నిమిషానికి 6 డిగ్రీల చొప్పున పెద్ద ముల్లు 240కి చేరుతుంది. తేడా 130. ఎవరికైనా 150 వచ్చిందంటే, చిన్న ముల్లు జరిగిన ఆ 20 మరిచిపోయారన్నమాట. ‘చిన్న’ అన్న మాట రాయకపోతే 230 కూడా తప్పు కాదు.

అద్దంలో కనిపించే గడియారమైతే ఆ సంగతి తప్పక రాయాలి. 11:60 నుంచి 3:40 తీసేస్తే అసలు సమయం 8:20. తమాషా ఏమిటంటే, కోణం మాత్రం మారదు.

క్యాలెండర్ లెక్కల్లో చిక్కు వేరు. 01/02/2024 అంటే ఫిబ్రవరి 1 అయితే గురువారం, జనవరి 2 అయితే మంగళవారం. అందుకే టైపు చేసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయండి.