శిరస్సు తెస్తానన్న మాట: క్షమను బోధించకుండా చూపిన కథ

క్షమ గురించి కథ రాయాలనుకున్నవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. పాత్ర చేత "క్షమించడం గొప్ప గుణం" అనిపిస్తే పాఠకుడు తల ఊపి పేజీ తిప్పేస్తాడు. అనిపించకపోతే చెప్పదలచుకున్నది అందుతుందో లేదోనన్న భయం రచయితను వదలదు. దీన్ని దాటే దారి మన ఇళ్లలో పారాయణ చేసే పుస్తకంలోనే ఉంది. భాగవతం ప్రథమ స్కంధంలో, పోతన తెలుగు చేసిన అశ్వత్థామ ఘట్టం అది.

యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న ఐదుగురు ఉపపాండవులను చంపాడు. ద్రౌపది గుండె పగిలేలా ఏడుస్తోంది. అర్జునుడు ఆమెను ఓదారుస్తూ ఒక మాట ఇస్తాడు: ఆ హంతకుడి శిరస్సు తెచ్చి ముందు పెడతాను, దాన్ని తొక్కి స్నానం చేద్దువుగాని. ఆ తల ఇక కథంతా వెన్నంటి వస్తుంది. క్షమ ఎలా పుట్టిందో మనకు చూపేది పాత్రల ఉపన్యాసాల కంటే ఆ తలకు పట్టిన గతే.

అర్జునుడు అశ్వత్థామను ఓడించి, పశువును కట్టినట్టు తాళ్లతో కట్టాడు. చంపెయ్యమని కృష్ణుడు పురికొల్పాడు. అయినా అర్జునుడు గురుపుత్రుడి మీద కత్తి ఎత్తలేక, బతికుండగానే శిబిరానికి ఈడ్చుకొచ్చాడు. తెస్తానన్న తల వచ్చింది, కాని మొండెంతో సహా వచ్చింది. తాను చేసిన పనికి సిగ్గుపడి ఆ తల కిందికి వాలి ఉంది. ద్రౌపది దాన్ని చూసింది. తొక్కాల్సిన తల ముందు తన తల వంచి నమస్కరించింది. ఇక్కడ కథకుడు ఆమె మనసులో ఏం జరిగిందో విడమరచి చెప్పలేదు. వంగిన రెండు తలలను ఎదురెదురుగా నిలబెట్టాడు, అంతే.

ఆ తరువాత ఆమె నోరు విప్పుతుంది. పోతన ద్రౌపది మొదట నిలదీస్తుంది. ఆయుధం పట్టి నీ మీదికి రాని పసివాళ్లను, నిద్రలో ఉన్నవాళ్లను చంపడానికి నీకు చేతులెలా ఆడాయని అడుగుతుంది. క్షమించే మనిషి నేరాన్ని చిన్నది చేసి మాట్లాడితే ఆ క్షమను ఎవరూ నమ్మరు. ఇక్కడ నేరం పూర్తి బరువుతో మన ముందు ఉంది. వెంటనే ఆమె ఆలోచన మరో ఇంటికి మళ్లుతుంది. నిన్నిలా కట్టి తెచ్చారని విని మీ అమ్మ ఎక్కడ ఎంతగా కుమిలిపోతోందో అంటుంది. ద్రోణుడి భార్య కృపి భర్తతో చితి ఎక్కలేదు, ఇంట్లో బతికే ఉంది. తనలాగే ఆమె కూడా కొడుకు కోసం ఏడవకూడదన్నదే ద్రౌపది కోరిక.

ఆ తల్లి ఈ ఘట్టంలో ఎక్కడా కనిపించదు, ఒక్క మాటా మాట్లాడదు. అయినా ద్రౌపది నిర్ణయం ఆమె మీదే నిలబడింది. క్షమ అనే పెద్ద భావానికి బదులు ఒక ఇల్లు, అందులో ఒంటరి ముసలి తల్లి మన కళ్లముందు ఉన్నారు. బ్రాహ్మణ హింస పాపమన్న మాట కూడా ద్రౌపది అంటుంది. ఆ కాలపు ధర్మశాస్త్రం అక్కడ తొంగిచూస్తుంది. ఆ వాదాన్ని తీసేసినా సన్నివేశం నిలుస్తుంది, కృపిని తీసేస్తే కూలిపోతుంది. బోధకూ దృశ్యానికీ తేడా పట్టుకోవడానికి ఇది మంచి పరీక్ష.

ఇదే కథ వ్యాస భారతం సౌప్తిక పర్వంలో వేరే దారి పట్టింది. అక్కడ ద్రౌపది క్షమించలేదు. అశ్వత్థామ చావకపోతే ప్రాయోపవేశం చేసి ప్రాణం విడుస్తానంది. చివరికి అతడి తలమీది సహజమణి తెచ్చి ఇస్తే శాంతించింది. సంఘటన ఒకటే, తల్లి ఒక్కతే. భారతం ప్రతీకారానికి హద్దు ఎక్కడో వెతికింది. భాగవతం కట్టిన మనిషిని తల్లి ఎదుటికి తెచ్చి, ఆమెను ఎంచుకోమంది. కథలో విషయం మారడానికి కొత్త మాటలు అక్కర్లేదు, పాత్ర ముందు పెట్టిన ఎంపిక మారితే చాలు.

భీముడి సంగతి కూడా చూడాలి. ధర్మరాజు, నకుల సహదేవులు ద్రౌపది మాటకు సంతోషించారు. భీముడు మాత్రం ఒప్పుకోలేదు. పిల్లల్ని చంపినవాణ్ణి వదలమంటోందే, ఈమెకు కోపం రాదా అని మండిపడి అశ్వత్థామ మీదికి దూకాడు. ద్రౌపది అడ్డం వచ్చింది. అప్పుడు కృష్ణుడు నాలుగు చేతులు ధరించి రెండింటితో భీముణ్ణి ఆపాడు, రెండింటితో ద్రౌపదిని పక్కకు తప్పించాడు. బోధ చేయాలనుకునే రచయిత భీముణ్ణి మూర్ఖుడిగా చిత్రిస్తాడు. ఇక్కడ భీముడి కోపం న్యాయమైనదే, పోయింది అతడి కొడుకు కూడా. దేవుడంతటివాడు సైతం ఇద్దరిలో ఒకరిని ఒప్పని, ఒకరిని తప్పని తేల్చలేదు. ఇద్దరినీ పట్టుకోవడానికి అతడికి నాలుగు చేతులు కావలసివచ్చాయి.

తరువాత కృష్ణుడి మనసెరిగి అర్జునుడు కత్తి దూశాడు. అశ్వత్థామ జుట్టు కోసి, తలమీది మణిని తీసుకుని, కట్లు విప్పి శిబిరం నుంచి వెళ్లగొట్టాడు. ప్రాణం దక్కింది, తేజస్సు పోయింది. ఒకనాడు నిండుసభకు జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది ద్రౌపదినే. ఈనాడు ఆమె ఎదుట జుట్టు తెగింది మరొకరిది. ఈ పోలికను ఎవరూ వేలుపెట్టి చూపరు. క్షమ దొరికినవాడికి శిక్ష లేకుండా పోలేదని మాత్రం బోడితల చెబుతుంది. శిరస్సు తెస్తానన్న అర్జునుడి మాట కూడా ఒక విధంగా అక్కడే చెల్లింది.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నీతికథ అయ్యేది. ప్రాణాలతో పోయిన అశ్వత్థామ మారలేదు. ఉత్తర గర్భంలో మిగిలిన ఒక్క వంశాంకురం మీదికి బ్రహ్మాస్త్రం వేశాడు. క్షమకు బదులుగా కృతజ్ఞత వస్తుందని, అవతలివాడు బాగుపడతాడని కథకుడు ఎక్కడా మాట ఇవ్వలేదు. అయినా ద్రౌపది చేసినది తప్పని మనకు అనిపించదు, ఎందుకంటే ఆమె లెక్క అశ్వత్థామ మారతాడనే ఆశ మీద లేదు, కృపి కన్నీటి మీద ఉంది.

కృష్ణుడు కాపాడిన ఆ గర్భస్థ శిశువే పరీక్షిత్తు. పెద్దయ్యాక వేటలో దాహంతో అలసి, ధ్యానంలో ఉన్న శమీకుడి మెడలో చచ్చిన పామును వేశాడు. ముని కొడుకు శృంగి ఏడో రోజున తక్షకుడి కాటుకు చస్తావని శపించాడు. తండ్రి శమీకుడు తనకు జరిగిన అవమానాన్ని పట్టించుకోలేదు, కొడుకు తొందరపాటుకు బాధపడ్డాడు. రాజు కూడా శాపమిచ్చిన కుర్రాడి మీద కోపం పెంచుకోకుండా, రాజ్యం వదిలి గంగ ఒడ్డున కూర్చున్నాడు. శుకుడు అతడికి ఏడు రోజుల్లో వినిపించిన కథే భాగవతం. తల్లిగా ద్రౌపది చేసిన ఎంపిక, తండ్రిగా శమీకుడు చూపిన ఓర్పు, నేరం చేసినవాడిగా పరీక్షిత్తు ఒప్పుకోలు ఒకే స్కంధంలో మూడు వైపుల నుంచి వచ్చి కలిశాయి. మూడుసార్లూ మనుషులు మారారు, పరిస్థితి మారింది, క్షమించేవాడి స్థానం మారింది. అందుకే అది చెప్పిందే చెప్పినట్టు అనిపించదు.